లేని మెట్లకు బిల్లు

నెల మొదటి మూడు రోజులు తారాబాయి జోలికి ఎవరూ పోరు. బొంబాయి కామాటిపుర ఆరో గల్లీలో ఇది అందరికీ తెలిసిన సంగతే. చాలీలో, అంటే వరస గదుల ఆ పాత మేడలో, నల్లా దగ్గర ఆడవాళ్ళు ఎంత కొట్లాడుకున్నా, ఆ మూడు రోజులు మాత్రం ఆమె బకెట్టుకు దారి వదులుతారు. కూరగాయలబ్బాయి బేరం ఆడకుండానే ఆమె అడిగిన ధరకు ఇచ్చి పంపేస్తాడు. ఆ రోజుల్లో ఆమెతో మాట పెట్టుకోవడం అనవసరమని అందరికీ అనుభవమే.

మిగతా ఇరవై ఏడు రోజులు మాత్రం తారాబాయి అంత మంచి మనిషి గల్లీలో లేదు. గలగలా నవ్వుతుంది. ఎవరింట్లో పులుసు కాగుతోందో వాసనతోనే చెప్పేస్తుంది. పిలిచినా పిలవకపోయినా పోయి గిన్నె పట్టుకొస్తుంది. మూడు రోజుల కోపం, మిగతా నెలంతా నవ్వు. ఇదేం లెక్కో అర్థం కావాలంటే ఆమె చేసే పని తెలియాలి.

ఆమె పనిచేసేది శివరాం ఆఫీసులో. ఆఫీసంటే పెద్ద ఊహలేం అక్కర్లేదు. సంచులు కుట్టే వర్క్‌షాపుకూ చాయ్ కొట్టుకూ మధ్య ఇరుక్కున్న ఒక గది. అందులో ఒక బల్ల, ఒక కంప్యూటరు, మూల నిండా చీపుర్లూ ఫినాయిలు డబ్బాలూ. బిల్డింగు సొసైటీల మెట్లూ లాబీలూ ఊడ్చి తుడిచే మనుషులను శివరాం పంపిస్తాడు. తాడ్‌దేవ్ నుంచి వర్లి దాకా నలభై రెండు బిల్డింగులు. ఒక్కో సొసైటీతో, అంటే ఆ బిల్డింగు వాళ్ళ సంఘంతో, నెలకింత అని ఒప్పందం. ఊడ్చేవాళ్ళు ఎక్కువ మంది మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళే. పంపేవాడు తాతల కాలం నుంచి బొంబాయిలో పాతుకుపోయిన కామాటీ, పాత తెలుగు కూలీల వంశం. ఆ తాతలు సున్నం మోసి కట్టిన ఊళ్ళోనే ఇప్పుడు మనవలు మెట్లు తుడిపిస్తున్నారని శివరాం అప్పుడప్పుడు అంటుంటాడు. అనేటప్పుడు గొంతులో బాధేం ఉండదు, కొంచెం గర్వమే ఉంటుంది.

తారాబాయి మునిసిపాలిటీ తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివింది. భర్త పోయాక, కొడుకు బంటీ ఇంకా బడికి పోతున్న రోజుల్లో ఈ ఆఫీసులో చేరింది. శివరాం కంప్యూటరు కొని దానికి దండ వేసి, ముట్టుకోవడానికి భయపడి పక్కన పెట్టాడు. ఆమె కూర్చుని ఒక్కో మీటా నొక్కి చూసుకుంటూ నేర్చుకుంది. ఆ రోజు నుంచి కుర్చీ ఆమెదే.

ఇక ఆ మూడు రోజుల పని. స్ప్రెడ్‌షీటులో వరుసకో సొసైటీ: పేరు, సెక్రటరీ పేరు, మెయిలు, నెలకింత అని రేటు. ఒక్కో వరుస చూసి, బిల్లు కాగితంలో పేరు మార్చి, నెల మార్చి, మొత్తం మార్చి, పీడీఎఫ్ చేసి, మెయిలుకు తగిలించి పంపాలి. మళ్ళీ రెండో వరుస. మళ్ళీ మూడో వరుస. మధ్యలో చాయ్‌వాడు వస్తాడు, ఎవరో సెక్రటరీ ఫోను చేస్తాడు, లెక్క తప్పుతుంది, మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. తల ప్రాణం తోకకొచ్చేది. అయినా పన్నెండేళ్ళలో ఒక్క బిల్లు అటూ ఇటూ పోలేదు. అది ఆమె గొప్ప. దాన్ని ఆమె దాచుకోదు కూడా.

అలాంటి తారాబాయి పోయిన నెలలో వర్లి సొసైటీ బిల్లును తాడ్‌దేవ్ సొసైటీకి పంపింది.

తాడ్‌దేవ్ సెక్రటరీ నవ్వి ఊరుకున్నాడు. వర్లి సెక్రటరీ ఊరుకోలేదు. ఒకటో తారీకున బిల్లు చేతిలో పడకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటామని అన్నాడు. శివరాం ఆమెను ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఆమెకు కష్టంగా ఉంది. తప్పెక్కడ జరిగిందో ఆమెకు తెలుసు. కొన్నాళ్ళుగా ఎడమ కంటికి అక్షరాలు మంచులో ఉన్నట్టు కనిపిస్తున్నాయి. నాగ్‌పాడాలో డాక్టరు చూసి, మోతిబిందు, అంటే శుక్లం, ముదిరింది, ఆపరేషన్ చేసెయ్యాలి, తర్వాత కొన్నాళ్ళు కంప్యూటరు వైపు చూడకూడదు అన్నాడు. దొరికిన తేదీ నెలాఖరు. అంటే కట్టు విప్పే వేళకు ఒకటో తారీకు వచ్చి కూర్చుంటుంది.

"తారీకు మార్పిద్దాం అత్తమ్మా," అన్నది కోడలు రుతుజ.

"నా కన్ను కోసం తారీకు మారుస్తరా ఆ సొసైటోళ్ళు?"

"ఆపరేషన్ తారీకు అంటున్న."

"అదిగూడ వద్దు. ఇట్లనే ఇంకో నెల ఆగితే ఈసారి వర్లి బిల్లు ఏకంగ పుణెకు పోతది."

రుతుజ లోయర్ పరేల్‌లో ఒక చిన్న కంపెనీలో లెక్కల పని చేస్తుంది. పుట్టింటి భాష మరాఠీ. బంటీని ప్రేమించి చేసుకుంది. తెలుగు ఈ చాలీలోనే, అత్త నోట విని నేర్చుకుంది. అందుకే ఆమె తెలుగులో అత్త తిట్లు కూడా యథాతథంగా దొర్లుతుంటాయి. అత్తాకోడళ్ళు పోట్లాడుకోగా చూద్దామని గల్లీ చాలాకాలం ఎదురు చూసి విసుగెత్తి మానేసింది.

ఆదివారం పొద్దున్నే రుతుజ ఆఫీసు తాళం అడిగింది. శివరాం తెరిచి, చాయ్ చెప్పి, స్టూలు మీద కూర్చున్నాడు. తారాబాయి తన కుర్చీని కోడలికిచ్చి వెనక నిలబడింది. పన్నెండేళ్ళలో ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం అదే మొదలు.

"మామా, ఇగో చూడు," అన్నది రుతుజ. "బిల్లు పంపనీకి వేరే సాఫ్ట్‌వేర్ ఏం కొనొద్దు. ఈ షీటులనే, పైన ఎక్స్‌టెన్షన్స్ అని ఉన్నది గదా, అందులో యాప్స్ స్క్రిప్ట్. దాన్ల మనం రాసింది ఈ షీటునే చదువుతది."

"ఎవరు చదువుతరు?"

"స్క్రిప్టు. ఒక్కో వరుస చదివి, ఆ పేరుతోటి, ఆ రేటుతోటి బిల్లు తయారు చేసి, ఆ మెయిలుకు పంపుతది."

"మనం నొక్కాలె గదా?"

"నొక్కే పని లేదు. ట్రిగ్గర్ పెడుత. ప్రతి నెల ఒకటో తారీకు దానికదే నడుస్తది. ఈ కంప్యూటర్ బంద్ ఉన్నా సరే. అది గూగులోళ్ళ దగ్గర నడుస్తది, ఇక్కడ గాదు."

శివరాం స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. "ఎన్ని గంటలకు?"

"ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్యల."

"ఎనిమిదికా తొమ్మిదికా? సరిగ్గ చెప్పరాదు?"

"అది గంటనే అడుగుతది మామా, నిమిషం మనం చెప్పనీకి రాదు. ఆ గంటల ఎప్పుడో దాని ఇష్టం."

"అయితే మన మంగేష్ లెక్కనే," అన్నాడు శివరాం. మంగేష్ అతని దగ్గర సామాను మోసే మనిషి.

రుతుజ పని మొదలుపెట్టింది. ముందు తారాబాయి బిల్లు కాగితాన్ని నమూనాగా చేసి, మారే చోట్ల గుర్తులు పెట్టింది: ఇక్కడ సొసైటీ పేరు, ఇక్కడ నెల, ఇక్కడ మొత్తం. స్క్రిప్టు ఒక్కో వరుసకూ ఆ నమూనాకు నకలు తీసి, గుర్తుల చోట అసలు మాటలు పెట్టి, పీడీఎఫ్ చేసి మెయిలుకు తగిలిస్తుంది. ఒకటో తారీకున పంపే బిల్లు అంతకు ముందు నెలది కాబట్టి నెల పేరు వెనక్కి లెక్కపెట్టుకునేట్టు రాసింది. చివర ఒక కొత్త గడి చేర్చింది. మెయిలు పోగానే స్క్రిప్టు ఆ గడిలో నెల పేరు రాసుకుంటుంది. మధ్యలో ఎక్కడైనా ఆగిపోయి మళ్ళీ నడిపితే, రాసి ఉన్న వరుసలను వదిలేసి మిగతావాటికే పంపుతుంది. ఒకరికి రెండుసార్లు బిల్లు పోదు.

"ఇది నచ్చింది నాకు," అన్నది తారాబాయి. "నేనుగూడ పంపినంక పసుపు రంగేస్త."

"రంగు దానికి తెల్వదు అత్తమ్మా. గడిల ఏం రాసున్నదో అదే చదువుతది. నీ పసుపు, ఎరుపు, అవన్నీ దానికి ఒకటే."

మొదటిసారి నడిపేటప్పుడు అనుమతి అడిగింది. ఈ యాప్‌ను గూగుల్ పరిశీలించలేదు అంటూ పెద్ద హెచ్చరిక తెర మీదికి రాగానే శివరాం స్టూలు మీంచి లేచాడు. "వద్దు తల్లీ, బంద్ చెయ్. పోలీసులొస్తరు."

"మనం రాసిందే మామా ఇది. మనం మనకే పర్మిషన్ ఇచ్చుకోవాలె. నీ ఆఫీసు మెయిలుతోనే ఇయ్యాలె, ఎందుకంటే ఎవరు పర్మిషన్ ఇస్తే వాళ్ళ పేరు మీదనే మెయిలు పోతది."

అతను కళ్ళు మూసుకుని సరేనన్నాడు. పైనున్న మూడు వరుసల్లో మెయిలు చోట రుతుజ తన మెయిలు పెట్టి, ఆ మూడింటికే నడిపి చూసింది. మూడు బిల్లులూ ఆమె ఫోనుకు వచ్చాయి. పేరు సరి, నెల సరి, మొత్తం సరి. మళ్ళీ అసలు మెయిళ్ళు పెట్టేసి, ట్రిగ్గరు బిగించి, కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

చాయ్ చల్లారక ముందే అయిపోయింది. తన మూడు రోజుల పని. తారాబాయి కోడలి తల నిమిరింది, బాగా చేశావంది. ఆ మాట మనసులోంచే అన్నది. కానీ తర్వాత ఆ కుర్చీలో కూర్చుంటే, అది ఎప్పటి కుర్చీలా అనిపించలేదు.

ఆ రాత్రి వంట చేస్తూ ఆ సంగతి కోడలితోనే అనేసింది. లోపల పెట్టుకుని కుమిలే రకం కాదు ఆమె.

"రుతుజా, ఒక మాట. బిల్లు అదే పోతే శివరామన్నకు నేనెందుకు?"

"అట్లంటవేంది అత్తమ్మా? ఫోన్లున్నయి, హాజరున్నది, జీతాలున్నయి..."

"అవన్నీ పూటకో గంట పని. నన్ను తీసెయ్యడు, నాకు తెలుసు. మంచోడు. తీసెయ్యకుండ జీతమిచ్చి కూర్చోబెడ్తడు. అట్ల కూర్చునుడు నాకు పడదు. చీపురుగూడ పనికొస్తనే మూలకుంచుతరు."

అత్తకు మేలు చేద్దామని చేసిన పని అత్త కాళ్ళ కింద నేలనే కదిలించిందని రుతుజకు అప్పుడే అర్థమైంది. అత్త చేతిలోంచి గరిటె తీసుకుని పప్పు కలిపింది.

ఆపరేషన్ సుఖంగా అయింది. ఒకటో తారీకు పొద్దున తారాబాయి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, చాలీ వరండాలో పీట మీద కూర్చుంది. కింద పాలవాడి సైకిలు, పక్కింట్లో టీవీ. ఒకటో తారీకున తను ఇలా ఖాళీగా కూర్చోవడం ఆమెకే వింతగా ఉంది. నల్లా దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి, ఇవాళ మాట్లాడొచ్చా వద్దా అని తటపటాయిస్తున్నారు.

తొమ్మిది దాటింది. రుతుజ ఫోను చూస్తూ బయటికొచ్చింది. "అయిపోయింది అత్తమ్మా! ఒక్కటిగూడ ఆగలే. నలభై తొమ్మిది మెయిళ్ళు పోయినయి."

"ఎన్ని?"

"నలభై తొమ్మిది."

తారాబాయి చాయ్ కప్పు కింద పెట్టింది. "మనకున్నయి నలభై రెండే గదే."

"షీటుల నలభై తొమ్మిది ఉన్నయి గదా..."

"కనపడేటియి నలభై రెండు! తక్కిన ఏడు నేను దాచిపెట్టిన!"

ఆ ఏడింటి కథ ఇది. బొంబాయిలో పాత బిల్డింగులు కూలగొట్టి కొత్తవి కడతారు. అందులో ఉన్నవాళ్ళు కట్టేదాకా ఎక్కడో బాడుగ ఇళ్ళలో తలదాచుకుంటారు. మెట్లే లేనప్పుడు ఊడ్చేదేముంది, బిల్లేముంది. కానీ అలాంటి సొసైటీ పేరును శివరాం కొట్టెయ్యనివ్వడు. పడిపోయింది గోడలేగాని సొసైటీ కాదు, లేచిన రోజు మళ్ళీ మనమే ఊడ్చాలి అంటాడు. సున్నం మోసినవాళ్ళ మనవడు, బిల్డింగు మీద అంత తేలిగ్గా ఆశ వదులుకోడు. అందుకని తారాబాయి ఆ వరుసలను తుడిచెయ్యకుండా, మౌసు కుడి మీట నొక్కి దాచి పెడుతుంది. పేరు, మెయిలు, పాత రేటు, అన్నీ లోపల భద్రంగా ఉంటాయి. కంటికి మాత్రం కనబడవు.

కంటికి. అదే వచ్చింది చిక్కు. స్క్రిప్టుకు కన్ను లేదు. దాచిన వరుసనూ దాచని వరుసనూ అది ఒక్కలాగే చదువుతుంది. తను చూసేదే అదీ చూస్తుందని తారాబాయి అనుకుంది. వరుసలు దాచిపెట్టే మనుషులు ఉంటారని రుతుజ అనుకోలేదు. పక్కనున్న వరుసల అంకెలు పద్నాలుగు నుంచి ఒక్కసారే పదిహేడుకు దూకుతున్న సంగతి ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. పరీక్ష చేసింది పైన మూడు వరుసలతో. దాచినవన్నీ కింద ఉన్నాయి.

"పుట్టి మునిగింది," అన్నది రుతుజ, ఆ మాట కూడా అత్త దగ్గర నేర్చుకున్నదే. "లేని బిల్డింగులకు మెట్లు ఊడ్చినమని బిల్లు పంపినం."

అంతలోనే శివరాం రొప్పుతూ చాలీ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఫోను మోగుతూనే ఉంది. "చెల్లె, ఏమైందే? ఒకాయన ఫోన్ చేసి, మా మెట్లు ఎక్కడున్నయో చూపిస్తే నేనే వచ్చి ఊడుస్త అంటున్నడు. ఇంకొకాయన మీరా రోడ్డు నుంచి, గాలి ఊడ్చినందుకు థ్యాంక్యూ అని మెయిలు పెట్టిండు. ఇజ్జత్ పోయింది!"

రుతుజ ముందుకొచ్చింది. "నాదే తప్పు మామా. నేను అడగాల్సుండె."

"నీది గాదు, నాది," అన్నది తారాబాయి. "నా ఇల్లు నువ్వు ఊడ్చినప్పుడు, మంచం కింద ఏం పెట్టిన్నో నేను చెప్పాలె." తర్వాత శివరాం వైపు తిరిగింది. "అన్నా, కూర్చో. ముందు వర్లి సంగతి చెప్పు."

"వర్లికి సరిగ్గనే పోయింది. ఎనిమిదింబావుకే. ఆయన మెయిలు పెట్టిండు, గుడ్ అని."

"బస్. మరి పని నడిచినట్టేగదా. మిగిలిన ఏడుగురితోటి నేను మాట్లాడుత. కన్ను చూడొద్దన్నడు గని డాక్టర్, నోరు తెరవొద్దనలే."

రుతుజ నంబర్లు కలిపి ఇస్తుంటే తారాబాయి పీట మీద కూర్చునే మాట్లాడింది. హిందీలో కొందరితో, మరాఠీలో కొందరితో. క్షమించమని ఒక్క మాటలో చెప్పి, ఇల్లెట్లుంది, పిల్లలెట్లున్నారు, పిల్లర్లు లేచాయా, ఎన్నో అంతస్తు పడింది అని అడిగింది. పన్నెండేళ్ళు మెయిళ్ళు పంపింది గాని వీళ్ళలో సగం మంది గొంతు ఆమె అంతకు ముందు విననేలేదు. కోపంగా ఫోనెత్తినవాళ్ళు పది నిమిషాలు కష్టసుఖాలు చెప్పుకుని పెట్టారు. ఒక ముసలాయన, మా సొసైటీని ఇంకా లెక్కలో ఉంచుకున్నది మీరొక్కరేనమ్మా, బిల్డరు కూడా మర్చిపోయాడు అని నవ్వాడు. ఆ మాటకు ఆమెకు కడుపు నిండినట్టయింది.

ఆరో నంబరు శాంతిసదన్. సెక్రటరీ అతుల్ భాయ్. ఆయన ఆమె క్షమాపణ మధ్యలోనే ఆపేశాడు.

"మీ బిల్లు చూసి నేనే ఫోను చేద్దామనుకుంటున్నానమ్మా," అన్నాడు హిందీలో. "మా బిల్డింగు లేచింది. వచ్చే నెల నుంచి ఇళ్ళలోకి దిగుతున్నాం. బిల్డరు తన మనుషులను పెడతానంటున్నాడు. కానీ మా ఆడవాళ్ళకు అంజమ్మే కావాలట. ఆమె ఇంకా ఉందా మీ దగ్గర?"

అంజమ్మ ఉంది. పాత శాంతిసదన్ చెక్క మెట్లు తుడిచిన మనిషి. బిల్డింగు కూలగొట్టే ముందురోజు కూడా చివరిసారి తుడిచి, ఎవరికోసమే తుడుస్తవు అని అందరూ నవ్వితే, మురికి మెట్లతోటి పంపుతమా అన్నది. తారాబాయి ఫోను పెట్టేసి ఈ కబురు చెప్పగానే శివరాం తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది చెమట మాత్రమే కాదు.

ఇక స్క్రిప్టు సంగతి. రుతుజ లాప్‌టాప్ తెచ్చింది. "ఒక్క లైను రాస్తే సరిపోతది అత్తమ్మా. దాచిన వరుస అయితే వదిలెయ్ అని."

తారాబాయి తల అడ్డంగా ఊపింది. "వద్దు. దాచేది నా కండ్ల కోసం. రేపు ఇంకేదో పనికి నేను వరుస దాస్తే, బిల్లు ఆగిపోతది. దానికి కండ్లు లెవ్వు గదా, కండ్లున్నోళ్ళు చెప్పాలె. ఒక గడి పెట్టు. బిల్డింగు నిలబడి ఉన్నదా లేదా అని. ఉంటే పంపు, లేకుంటే ఊకో."

రుతుజ టిక్కు పెట్టే గడులు వరుసగా చేర్చింది. టిక్కు ఉంటే స్క్రిప్టుకు అవును, లేకపోతే కాదు. నలభై రెండింటికి టిక్కు పెట్టింది. దాచిన ఏడింటినీ బయటికి తీసింది. ఈసారి పరీక్షకు పైన మూడు కాదు, మొత్తం నలభై తొమ్మిదింటి మీదా నడిపింది. మెయిలు పంపకుండా, ఎవరెవరికి పంపేదో పేర్లు మాత్రం రాసి చూపించమని. ఒక్కో పేరూ చదివి వినిపించింది. తారాబాయి కళ్ళు మూసుకునే లెక్కపెట్టి, నలభై రెండు అని తల ఊపింది.

"మరి ఈ గడి ఎవరు చూసుకుంటరు?" అన్నాడు శివరాం. "ఏది లేచింది, ఏది పడ్డది, ఏ సెక్రటరీ మారిండు?"

"పోయి చూడాలె," అన్నది తారాబాయి.

"ఎవరు?"

"నేనే," అన్నది ఆమె. ఆమెకు కొత్త పని దొరికిందని ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది.

ఆ నెలంతా ఆమె చూపు రోజురోజుకూ తేటపడింది. చుక్కల మందు వేయించుకుంటూ, ఎదురు చాలీలో ఆరేసిన చీరల అంచులు కూడా ఇక్కడి నుంచే కనబడుతున్నాయని చిన్నపిల్లలా సంబరపడింది. డాక్టరు సరేనన్న రోజు ఆఫీసుకు పోయి, శాంతిసదన్ ఎదుట తనే టిక్కు పెట్టింది. రేటు మార్చింది. నాలుగంతస్తుల మెట్లకు పెట్టిన రేటు ఇరవై రెండంతస్తులకు చెల్లదు గదా.

ఆ నెల గడిచి మళ్ళీ ఒకటో తారీకు వచ్చింది. పొద్దున్నే తారాబాయి తలదువ్వుకుని, మంచి చీర కట్టుకుని బయల్దేరింది. నల్లా దగ్గర ఆడవాళ్ళు అలవాటు కొద్దీ దారి వదిలారు. "ఏందే, నన్ను చూసి గట్ల జరుగుతరు? పులినా?" అని నవ్వి, అందరినీ నవ్వించి పోయింది. చాలీలో ఒకటో తారీకున ఆమె నవ్వు వినబడటం ఎవరి జ్ఞాపకంలోనూ లేదు.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. అంజమ్మ పక్కనే కూర్చుంది, ఒళ్ళో కొత్త మాపు కర్ర. తొమ్మిది కాకముందే రుతుజ దగ్గర్నుంచి ఫోనులో సందేశం వచ్చింది: నలభై మూడు. తారాబాయి చదివి ఫోను సంచిలో వేసుకుంది. బస్సు పోతుంటే, బోర్డుల మీద ఎన్నో పేర్లు. వాటిలో కొన్ని ఆమె చేత్తో వందసార్లు టైపు చేసినవి. ఆ బిల్డింగులు ఇలా ఉంటాయని, ఈ రంగు వేసుకున్నాయని, వాటి ముందు ఈ పూలు పూస్తాయని ఆమెకు తెలియనే తెలియదు. పన్నెండేళ్ళుగా ఆ పేర్లు ఆమెకు గడులు మాత్రమే. ఎంత పిచ్చిదాన్ని అనుకుంది, అనుకుని హాయిగా నవ్వుకుంది.

శాంతిసదన్ ఎత్తుగా, ఇంకా సిమెంటు వాసన వేస్తూ నిలబడి ఉంది. అంజమ్మ తలెత్తి చూసి, "అక్కా, గింతదా?" అని నోరు వెళ్ళబెట్టింది. లిఫ్టులున్నాయి. అయినా తారాబాయి మెట్ల వైపే నడిచింది. మొదటి మలుపు దగ్గర ఆగి గోడను చేత్తో తడిమింది, మెట్టు అంచున చేరిన సున్నపు పొడిని బొటనవేలితో గీసి చూసింది. రెండో అంతస్తు, మూడో అంతస్తు. ఎక్కడ నీళ్ళ పైపు కావాలో, ఒకరు సరిపోతారో ఇద్దరు కావాలో లెక్క వేసుకుంటూ ఎక్కింది. ఆయాసం వస్తోంది. ఆ ఆయాసం కూడా ఆమెకు ఇష్టంగానే ఉంది.

నాలుగో అంతస్తులో ఒక తలుపు తెరుచుకుని అతుల్ భాయ్ బయటికొచ్చాడు. చేతిలో ఫోను. తెర మీద అప్పుడే వచ్చిన మెయిలు ఉంది. పోయిన నెల చివరి వారం సామాన్లు దించినప్పుడు శివరాం వేరే మనుషులను పంపి తుడిపించినదానికి బిల్లు. ఆయన ఆమెను ఎప్పుడూ చూసింది లేదు. అంజమ్మను చూసి ముఖం విప్పారినా, పక్కన చెమటలు తుడుచుకుంటున్న ఈ పెద్దావిడెవరో అర్థం కాలేదు.

"బిల్లు ఇప్పుడే వచ్చింది," అన్నాడు హిందీలో. "మీరు బిల్లు కోసం వచ్చారా?"

"లేదు భాయ్," అన్నది తారాబాయి, రెయిలింగు పట్టుకుని ఊపిరి తీసుకుంటూ. "బిల్లు అదే వస్తుంది. నేను మెట్లు చూడ్డానికి వచ్చాను."